పక్కనున్న ఫోన్‌కి వైఫై ఫుల్, లాప్‌టాప్‌కి మాత్రం ఒక్క గీత. యాంటెన్నా వైరా, డ్రైవరా, రూటర్ చోటా?

వేకువ
మూడు వారాలుగా ఇదే టెన్షన్. ఇంట్లో రెండు ఫోన్లు, ఒక టాబ్లెట్, రెండు లాప్‌టాప్‌లు ఉన్నాయి. నా లాప్‌టాప్‌కి తప్ప అన్నిటికీ వైఫై చక్కగా వస్తోంది. రూటర్ హాల్లో ఉంది, నేను కూర్చునే గదికీ దానికీ మధ్య ఒకటే గోడ. ఫోన్ తీసి లాప్‌టాప్ పక్కనే పెడితే ఫోన్‌లో గీతలన్నీ నిండుగా ఉంటాయి. లాప్‌టాప్‌లో ఒక గీత, ఒక్కోసారి అదీ ఉండదు. మీటింగ్‌లో అవతలివాళ్ళ మాట నాకు పర్వాలేదనిపించేలా వినిపిస్తోంది, నా గొంతు మాత్రం వాళ్ళకి ముక్కలు ముక్కలుగా వెళ్తోందట.

Windows 11. ఒక అప్‌డేట్ వచ్చిన రోజుల్లోనే ఇది మొదలైందని గుర్తు. డ్రైవర్ మార్చాలా, రూటర్ చోటు మార్చాలా, లేక లోపల ఏదైనా పోయిందా? విప్పాలంటే భయంగా ఉంది, అందుకే ముందు అడుగుతున్నా.

ఎత్తు_రూటర్
రూటర్ ఎక్కడ పెట్టారు? టీవీ వెనకో, కింద నేల మీదో ఉంటే ముందు అక్కడినుంచి తీసి తలెత్తు పైన పెట్టండి. నేను చూసిన వాటిలో సగానికి సగం అక్కడే తీరిపోయాయి.

బఫరింగ్_బాబు
మా ఇంట్లోనూ ఇంతే. సాయంత్రం ఎనిమిది దాటితే ఏదీ ఆడదు. కనెక్షన్ ఇచ్చినవాళ్ళకి ఫోన్ చేసి గట్టిగా అడగండి.

వేకువ
@బఫరింగ్_బాబు, మాకు మిగతా అన్నిటిలో రాత్రీ పగలూ బాగానే వస్తోందండీ. ఈ ఒక్క లాప్‌టాప్‌లోనే సమస్య.
@ఎత్తు_రూటర్, టీవీ పక్కన చిన్న బల్ల మీద ఉంది, నేల మీద కాదు.

అప్‌డేట్_వద్దు
అప్‌డేట్ తర్వాత మొదలైందని మీరే అన్నారుగా, ఇక వేరే అనుమానం ఎందుకు? డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్, అక్కడ Roll Back Driver. పని అయిపోతుంది. పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంటు ఆదా కోసం అడాప్టర్‌ని ఆపేసే టిక్ కూడా తీసేయండి.

పాత_మదర్‌బోర్డు
ఏదీ మార్చకముందు కొలవండి. మూడు అనుమానాలున్నాయి, మూడింటినీ ఒకేసారి కదిలిస్తే తర్వాత ఏది పనిచేసిందో తెలీదు.

గీతలను నమ్మకండి, ఒక్కో కంపెనీ ఒక్కోలా గీస్తుంది. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్ ఏదైనా వేసుకుంటే సిగ్నల్ మైనస్ అంకెల్లో, డీబీఎంలలో కనిపిస్తుంది. లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి:

```
netsh wlan show interfaces
```

అందులో Signal దగ్గర శాతం వస్తుంది. ఆ శాతాన్ని సగం చేసి, అందులోంచి 100 తీసేస్తే దాదాపు డీబీఎం అంకె వస్తుంది. 60 శాతం అంటే సుమారు మైనస్ 70. మైనస్ 50 దగ్గరే 100 శాతం అయిపోతుంది, అంతకన్నా మంచి సిగ్నల్ ఉన్నా Windows 100 దగ్గరే ఆగుతుంది. ఇది గుర్తుంచుకోండి.

రెండు చోట్ల కొలవండి. ఒకటి మీరు రోజూ కూర్చునే చోట. ఇంకొకటి రూటర్‌కి ఒక మీటరు దూరంలో, మధ్యలో ఏ అడ్డూ లేకుండా. రెండు చోట్లా ఫోన్, లాప్‌టాప్ ఒకే స్థానంలో ఉండాలి. ముఖ్యంగా రెండూ 5 గిగాహెర్ట్జ్ మీదే ఉండాలి. ఒకటి 2.4 మీద, ఇంకొకటి 5 మీద ఉంటే ఆ పోలికకి అర్థం లేదు.

రూటర్ చోటు బాగోకపోతే ఫోన్‌కీ లాప్‌టాప్‌కీ ఇద్దరికీ దెబ్బ తగులుతుంది. లాప్‌టాప్ లోపలే ఏదో సిగ్నల్‌ని తినేస్తుంటే, ఎక్కడ కొలిచినా ఫోన్‌కీ దానికీ మధ్య తేడా దాదాపు ఒకేలా ఉంటుంది. మనం వెతికేది ఆ తేడానే.

చిన్నిడెస్క్
లాప్‌టాప్ పక్కన యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ గానీ హబ్ గానీ ఉందా? నాకు అదే అయింది. డిస్క్ పెడితే వైఫై చచ్చిపోయేది, తీస్తే బతికేది. రెండు రోజులు పిచ్చెక్కింది.

పాత_మదర్‌బోర్డు
@చిన్నిడెస్క్ అది నిజమే, యూఎస్‌బీ 3 వైర్ల నుంచి వచ్చే రొద 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుంది. కానీ అప్పుడు సిగ్నల్ అంకె పెద్దగా తగ్గదు, స్పీడు పడిపోతుంది. ఎదుటివాళ్ళు గట్టిగానే మాట్లాడుతున్నా పక్కన మిక్సీ తిరుగుతున్నట్టు. వేకువ గారి లాప్‌టాప్‌కి రూటర్ గొంతే చిన్నగా వస్తోంది.

వేకువ
హబ్ ఏమీ లేదు. కొలిచాను. మొదటిసారి తప్పు చేశా, ఫోన్ 5 మీద, లాప్‌టాప్ 2.4 మీద ఉన్నాయి. రూటర్ సెట్టింగుల్లో 5కి వేరే పేరు పెట్టి రెండిటినీ దానికే కలిపి మళ్ళీ చూశా.

నా గదిలో ఫోన్ మైనస్ 55. లాప్‌టాప్ 36 శాతం, అంటే మీ లెక్కన మైనస్ 82.
రూటర్‌కి మీటరు దూరంలో ఫోన్ మైనస్ 33. లాప్‌టాప్ 78 శాతం, అంటే మైనస్ 61.

ఎత్తు_రూటర్
చూశారా, దగ్గరికెళ్తే 78 వచ్చింది. అంటే లాప్‌టాప్ బాగానే ఉంది, దూరమే సమస్య. ఆ గోడలో ఇనుప కమ్మీలు ఉండి ఉంటాయి. రూటర్ గదికి దగ్గరగా జరిపితే సరి.

పాత_మదర్‌బోర్డు
@ఎత్తు_రూటర్ గారూ, అక్కడే పొరపాటు. మీటరు దూరంలో 78 శాతం అంటే మంచి అంకె కాదు. ఆ దూరంలో ఏ లాప్‌టాప్ అయినా 100 దగ్గర నిలబడాలి. ఫోన్ మైనస్ 33 చూపిస్తున్న చోట ఇది మైనస్ 61 చూపిస్తోంది. తేడా 28. గదిలో తేడా 27. మధ్యలో గోడ వచ్చింది, దూరం పెరిగింది, తేడా మాత్రం కదల్లేదు. గోడే కారణమైతే ఫోన్‌కీ అదే గోడ అడ్డం కదా.

ఫోన్లూ లాప్‌టాప్‌లూ అంకెల్ని ఒకే తూకంతో చూపించవు. ఐదారు తేడా ఉంటే నేను పట్టించుకోను, పది వచ్చినా ఆలోచిస్తాను. 27 అంటే ఐదు వందల వంతు. ఫోన్‌కి అందే శక్తిలో ఐదు వందల్లో ఒక వంతే ఈ లాప్‌టాప్ చిప్ దాకా చేరుతోంది.

అప్‌డేట్_వద్దు
డ్రైవర్ తప్పు అంకె చూపించొచ్చుగా. చిప్‌ని సగం బలంతో నడిపించొచ్చుగా. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో Transmit Power, MIMO Power Save Mode అని ఉంటాయి చూడండి. నాకు తెలిసి అప్‌డేట్ అప్పుడు అవి మారిపోతుంటాయి.

పాత_మదర్‌బోర్డు
న్యాయమైన అనుమానమే. దాన్ని తేల్చే దారి ఒకటుంది. Transmit Power తగ్గిందనుకుందాం. అప్పుడు లాప్‌టాప్ మాట్లాడే గొంతు తగ్గుతుంది గానీ వినికిడి తగ్గదు. అంటే Signal శాతం బాగానే ఉండాలి, రూటర్‌కి మాత్రం లాప్‌టాప్ సరిగ్గా వినపడకూడదు. యాంటెన్నా దగ్గర తెగితే రెండు వైపులా తగ్గుతుంది, ఎందుకంటే వినేదీ మాట్లాడేదీ అదే తీగ మీద.

వేకువ గారూ, రూటర్ పేజీలో కనెక్ట్ అయిన పరికరాల జాబితాలో ఒక్కోదాని పక్కన సిగ్నల్ అంకె ఉంటుందేమో చూడండి. అది రూటర్ చెవికి వినిపించేది. మీ గొంతు ముక్కలవుతోందన్నప్పుడే నాకు ఈ ఆలోచన వచ్చింది.

వేకువ
ఉంది! నా గదిలో ఉండగా చూశా. రూటర్ పేజీలో ఫోన్ మైనస్ 56, లాప్‌టాప్ మైనస్ 84.
Transmit Power మొదటినుంచీ హైయెస్ట్‌లోనే ఉంది. MIMO సెట్టింగ్ ఆపేశా, డ్రైవర్ వెనక్కి తీసుకెళ్ళా, రెండుసార్లు రీస్టార్ట్ చేశా. 36 కాస్తా 38 అయింది, మళ్ళీ 36కి వచ్చింది.

ఎత్తు_రూటర్ గారి మాట కూడా విన్నా. రూటర్‌ని అలమర పైకి ఎక్కించా. ఫోన్ మైనస్ 55 నుంచి మైనస్ 49కి వచ్చింది. లాప్‌టాప్ 48 శాతానికి, అంటే మైనస్ 76కి.

ఎత్తు_రూటర్
ఆరు పెరిగింది కదా, నాకు అది చాలు. కానీ ఒప్పుకుంటున్నా, రెండూ ఒకేలా పెరిగాయి. తేడా ఇంకా 27 దగ్గరే ఉంది. లాప్‌టాప్ సంగతి వేరే. ఏదేమైనా రూటర్‌ని అక్కడే ఉంచండి.

పెంగ్విన్_పిల్ల
డ్రైవర్‌ని ఇంకా పూర్తిగా వదిలేయొద్దు. రెండు వైపులా సిగ్నల్ తగ్గినా అది డ్రైవర్ పనే కావచ్చు, నాకు జరిగింది.

నా పాత లాప్‌టాప్‌లో కార్డుకి రెండు యాంటెన్నా పోర్టులు, లాప్‌టాప్‌లో ఉన్న వైరు మాత్రం ఒకటే. డ్రైవరేమో వైరు లేని పోర్టు మీద వింటూ కూర్చునేది. వైరు చెక్కుచెదరలేదు, కార్డు బాగుంది, సిగ్నల్ మాత్రం మైనస్ 80. ఎక్కడ వినాలో డ్రైవర్‌కి చెప్పగానే మైనస్ 55కి వచ్చేసింది. నేను చేసింది ఇంతే:

```
sudo modprobe -r rtl8723be
sudo modprobe rtl8723be ant_sel=2
```

ఇది ఆ చిప్‌కి, లినక్స్‌లో మాత్రమే. మీ కార్డు వేరే అయితే ఈ కమాండ్ పనికిరాదు, కొట్టకండి. నేను చెప్పేదేమిటంటే, డ్రైవర్‌కీ యాంటెన్నాకీ మధ్య గీత మనం అనుకున్నంత స్పష్టంగా ఉండదు.

అప్‌డేట్_వద్దు
అదీ లెక్క! థాంక్స్ @పెంగ్విన్_పిల్ల.

పాత_మదర్‌బోర్డు
మంచి కేసు. నేను మొదట రాసినదానికి ఇది సవరణే. అయితే లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్ పెట్టి చూడటమే దారి. ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, పెన్‌డ్రైవ్ మీదే నడుస్తుంది, డ్రైవర్ పూర్తిగా వేరు. అక్కడా అంతే బలహీనంగా ఉంటే Windows అప్‌డేట్‌కి దీంతో సంబంధం లేదు.

ఇంకో లాభం కూడా ఉంది. చాలా కార్డుల్లో అక్కడ ఒక్కో యాంటెన్నాకి ఎంత వస్తోందో విడివిడిగా కనిపిస్తుంది. Windows ఆ వివరం ఇవ్వదు.

పెంగ్విన్_పిల్ల
అవును. ముందు `iw dev` కొట్టి అడాప్టర్ పేరు చూడండి, తర్వాత ఆ పేరు పెట్టి ఇది. నాది wlp2s0:

```
iw dev wlp2s0 station dump | grep signal
```

వైఫైకి కనెక్ట్ అయ్యాకే కొట్టాలి, లేకపోతే ఖాళీగా వస్తుంది. కొన్ని లైవ్ సిస్టమ్‌లలో `iw` ఉండదు, దాన్ని విడిగా ఇన్‌స్టాల్ చేయాలి.

బెంచి_మీద
అందరూ సాఫ్ట్‌వేర్ గురించే మాట్లాడుతున్నారు. నా ప్రశ్న ఒకటే. ఈ లాప్‌టాప్‌ని ఈ మధ్య ఎవరైనా విప్పారా? బ్యాటరీ, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్ శుభ్రం చేయడం, స్క్రీన్, మూత తిరిగే కీలు, ఏదైనా సరే.

వేకువ
విప్పారు. కుడివైపు కీలు పట్టేసి మూత ఎత్తుతుంటే చప్పుడు వచ్చేది, రిపేర్‌కి ఇచ్చాను. వైఫైకి దానికీ సంబంధం ఉంటుందని తోచక చెప్పలేదు. మీరు అడిగాక తారీఖులు చూసుకున్నా. లాప్‌టాప్ తిరిగొచ్చిన నాలుగు రోజులకి ఆ అప్‌డేట్ పడింది. ఆ నాలుగు రోజులూ నేను ఊళ్ళో లేను, లాప్‌టాప్ తెరవనేలేదు.

బెంచి_మీద
అదిగో. అప్‌డేట్ కాదు, కీలు.

చాలా లాప్‌టాప్‌లలో వైఫై యాంటెన్నాలు స్క్రీన్ చుట్టూ, మూత లోపల ఉంటాయి. అక్కడినుంచి రెండు సన్నటి వైర్లు కీలు పక్క సందులోంచి కిందికి దిగి వైఫై కార్డు మీద రెండు బుడిపెలకి గుచ్చుకుంటాయి. కీలు మార్చాలంటే మూత ఊడదీయాలి, మూత ఊడదీయాలంటే ఆ వైర్లు పీకాలి. తిరిగి పెట్టేటప్పుడు మూడు రకాలుగా తప్పు జరుగుతుంది. బుడిపె మీద సరిగ్గా కూర్చోదు. లేదా కూర్చున్నట్టే ఉండి, మూత బిగించేసరికి పైకి లేస్తుంది. లేదా వైరు కీలు మధ్య పడి నలిగిపోతుంది. మూడోది అన్నిటికన్నా పాడు, ఎందుకంటే పైకి కనిపించదు.

చిన్నిడెస్క్
వైరు ఊడిపోతే అసలు వైఫై రాకూడదు కదా? 36 శాతం ఎలా వస్తోంది మరి?

బెంచి_మీద
వస్తుంది. ఆ బుడిపే, కార్డు మీది రాగి గీతలే కొంచెం యాంటెన్నాలా పనిచేస్తాయి. రూటర్ పక్కన పెడితే బాగానే ఉన్నట్టు కూడా అనిపిస్తుంది. అందుకే రిపేర్ చేసినవాళ్ళు బెంచి మీద వైఫై కనెక్ట్ అయిందని చూసి పంపించేస్తారు. బెంచికి రెండడుగుల దూరంలో రూటర్ ఉంటే ఎవరికీ అనుమానం రాదు. నేనూ కొత్తలో అలా పంపినవాడినే, ఇప్పుడు పక్క గదిలోకి తీసుకెళ్ళి చూశాకే ఇస్తాను.

వేకువ
లైవ్ పెన్‌డ్రైవ్ చేశా. అలమర మీద పెట్టడం వల్ల అంకెలు కలిసిపోకూడదని రూటర్‌ని పాత బల్ల మీదికే దించి, గదిలో అదే చోట కూర్చుని కొలిచా.

```
signal:      -81 [-91, -81] dBm
signal avg:  -81 [-91, -81] dBm
```

పాత_మదర్‌బోర్డు
కొలత చక్కగా చేశారు. Windowsలో మైనస్ 82, ఇక్కడ మైనస్ 81. రెండు వేర్వేరు డ్రైవర్లు ఒకే మాట చెబుతున్నాయి, నాకు డ్రైవర్ మీద అనుమానం పోయింది.

బ్రాకెట్ లోపలివి రెండు యాంటెన్నాలు. మామూలుగా ఆ రెండూ ఒకదానికొకటి ఐదారు లోపే ఉంటాయి. మొదటిది మైనస్ 91, అంటే దాదాపు ఏమీ వినట్లేదు. అది ఊడిపోయి ఉంటుందని నా అంచనా. రెండోది మైనస్ 81, అదీ బాగాలేదు, కానీ మొదటి రకంగా కాదు. దాని గురించి ఇప్పుడే ఏమీ చెప్పలేను. విప్పాల్సిందే.

అప్‌డేట్_వద్దు
సరే, ఈసారికి డ్రైవర్ నిర్దోషి. విప్పేటప్పుడు జాగ్రత్త.

బెంచి_మీద
విప్పడం గురించి నాలుగు మాటలు. షట్‌డౌన్ చేసి ఛార్జర్ తీసేయండి. కింది మూత తెరవగానే మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి, అది ఊడేదాకా లోపల ఇంకేదీ ముట్టుకోవద్దు. వైఫై కార్డు వేలి గోరుకన్నా కాస్త పెద్దగా ఉంటుంది, ఒకే స్క్రూ. కొన్నిటిలో కార్డు బోర్డుకే అతికించి ఉంటుంది, బుడిపెలు మాత్రం ఉంటాయి.

బుడిపె ఆవగింజకన్నా కాస్త పెద్దది, అంతే. వైరు చివరి గుండ్రటి తల సరిగ్గా దాని మీద పెట్టి, వేలితో నిట్టనిలువుగా నొక్కాలి. టక్ మని చిన్న చప్పుడు వస్తుంది, వేలికి కూడా తెలుస్తుంది. చప్పుడు రాకపోతే గట్టిగా నొక్కకండి, తల పక్కకి ఉందని అర్థం. ఎత్తి మళ్ళీ పెట్టండి. ఒంకరగా నొక్కితే తల అంచు చదునైపోతుంది, ఆ తర్వాత అది ఎన్నటికీ పట్టదు. తీసేటప్పుడు వైరు పట్టుకుని లాగొద్దు, ప్లాస్టిక్ ముక్కతో తల కింద నుంచి నేరుగా పైకి లేపాలి. ఈ కనెక్టర్లు పదే పదే తీసి పెట్టడానికి చేసినవి కావు. ముచ్చటగా ఉందని ఆడుకోకూడదు.

కీబోర్డు_కాకి
నల్ల వైరు ఏ బుడిపెకి, తెల్ల వైరు ఏ బుడిపెకి? తారుమారైతే కాలిపోదు కదా? నేను ఒకసారి ఈ భయంతోనే విప్పి, ఏమీ ముట్టుకోకుండా మూసేశా.

పాత_మదర్‌బోర్డు
కాలిపోదు. కార్డు మీద 1, 2 అనో, తెల్ల త్రికోణం, నల్ల త్రికోణం అనో గుర్తులుంటాయి. విప్పగానే ఫోటో తీసుకుంటే ఈ ప్రశ్నే రాదు. మారినా వైఫైకి పెద్ద తేడా ఉండదు, రెండూ కలిసే పనిచేస్తాయి. బ్లూటూత్ మాత్రం చాలా కార్డుల్లో వాటిలో ఒకదాని మీదే వెళ్తుంది.

వేకువ
ఆగండి. నా బ్లూటూత్ మౌస్ కూడా రెండు వారాలుగా ఆగి ఆగి కదులుతోంది. బ్యాటరీ మార్చా, ప్రయోజనం లేదు. అది కూడా ఇదేనా?

పాత_మదర్‌బోర్డు
అయ్యుండొచ్చు. విప్పాక తెలుస్తుంది.

కీబోర్డు_కాకి
మల్టీమీటర్ ఉంటే వైరు తెగిందో లేదో తేలిగ్గా తెలుస్తుంది. తల మధ్యలో ఒక మొన, బయటి రింగు మీద ఇంకో మొన. బీప్ వస్తే షార్ట్, వైరు పోయినట్టే.

పాత_మదర్‌బోర్డు
వద్దు, అలా అనుకోవద్దు. లాప్‌టాప్‌లలో వాడే యాంటెన్నాలు చాలావరకూ తమ చివరే గ్రౌండ్‌కి కలిసి ఉంటాయి. బాగున్న యాంటెన్నా కూడా బీప్ కొడుతుంది. మీటర్ చూసి బాగున్న వైరుని పారేసినవాళ్ళున్నారు. రెండు వైర్లనీ పోల్చి చూసుకోవడానికి పనికొస్తుందేమో, అంతకుమించి దాన్ని నమ్మను.

వేకువ
విప్పా!! చేతులు వణికాయి కానీ విప్పా.

బ్యాటరీ కనెక్టర్ తీశాక కార్డు మీద నల్ల టేపు కనిపించింది. మెల్లగా ఎత్తా. తెల్ల వైరు బుడిపె మీద ఉంది. నల్ల వైరు తల బుడిపె పక్కన, అర సెంటీమీటరు దూరంలో, టేపు జిగురుకి అంటుకుని పడుకుని ఉంది. పైనుంచి చూస్తే కూర్చున్నట్టే ఉంది. టేపు తీస్తే తప్ప తెలిసేది కాదు. తల అంచు చదునవ్వలేదు, గుండ్రంగానే ఉంది. బుడిపె మీద పెట్టి నొక్కితే మొదటిసారి రాలేదు, రెండోసారి టక్ మంది. ఆ చప్పుడు విన్నాక ఎంత హాయిగా అనిపించిందో.

మూత బిగించకముందే బ్యాటరీ పెట్టి లైవ్ పెన్‌డ్రైవ్‌లో చూశా. అదే గది, అదే చోటు:

```
signal:      -57 [-57, -80] dBm
```

Windowsలో 86 శాతం. ఇందాకే మా అక్కతో పావుగంట వీడియోలో మాట్లాడా, ఒక్కసారి కూడా తెగలేదు. మౌస్ మాత్రం ఇంకా అలాగే ఆగుతోంది.

ఎత్తు_రూటర్
సూపర్! ఇప్పుడు రూటర్‌ని మళ్ళీ అలమర ఎక్కించండి, ఆ ఆరు కూడా కలుస్తుంది.

కీబోర్డు_కాకి
మీది చదివి నాకూ ధైర్యం వచ్చింది. రేపు నాదీ తెరుస్తా.

అప్‌డేట్_వద్దు
86 వచ్చిందిగా, ఇంక టాపిక్ క్లోజ్.

పాత_మదర్‌బోర్డు
క్లోజ్ కాలేదు. రెండో అంకె చూడండి, మైనస్ 80 దగ్గరే ఉంది. 23 తేడా. ఇప్పుడు లాప్‌టాప్ ఒంటి చెవితో వింటోంది. `netsh` ఫలితంలో Receive rate ఎంత వస్తోంది? రూటర్‌కి మీటరు దూరంలో పెట్టి చూడండి.

వేకువ
Radio type 802.11ac. Receive rate 433.3, దాన్ని దాటట్లేదు.

పాత_మదర్‌బోర్డు
ఆ దూరంలో రెండు యాంటెన్నాలూ పనిచేస్తే 866.7 కనిపించాలి, రూటర్ 80 మెగాహెర్ట్జ్ వెడల్పు ఇస్తోందనుకుంటే. సరిగ్గా సగం దగ్గర ఆగిందంటే ఒక్క ధారే నడుస్తోంది.

అప్‌డేట్_వద్దు
నేను ముందే చెప్పిన MIMO పవర్ సేవ్ కూడా సరిగ్గా ఇదే చేస్తుంది. రెండోదాన్ని నిద్రపుచ్చుతుంది.

పాత_మదర్‌బోర్డు
నిజమే, 433 ఒక్కటే చూస్తే మీరన్నదీ కావచ్చు. కానీ ఆ సెట్టింగ్ ఆవిడ ఆపేశారు. పైగా లినక్స్‌లో కూడా ఆ యాంటెన్నాకి మైనస్ 80 వస్తోంది.

ఇప్పుడు తేలాల్సింది వైరా, కార్డా అన్నది. వేకువ గారూ, ఓపికుంటే కార్డు మీద రెండు వైర్లనీ ఒక్కసారి తారుమారు చేసి చూడండి. బలహీనమైన అంకె బ్రాకెట్‌లో అటువైపుకి మారితే తప్పు వైరుది. మారకుండా అక్కడే ఉంటే కార్డు పోర్టుది.

వేకువ
మార్చా: `[-79, -58]`. మౌస్ కూడా ఇప్పుడు చక్కగా కదులుతోంది!

పాత_మదర్‌బోర్డు
కార్డు మంచిదే. తెల్ల వైరులోనే తప్పు. మౌస్ సంగతి కూడా తేలింది, బ్లూటూత్ ఆ పోర్టు మీద వెళ్తోంది, దానికిప్పుడు మంచి వైరు దొరికింది. ఇక మార్చకండి, ఇలాగే ఉంచండి.

బెంచి_మీద
ఒక్క పని చేయండి. ఆ కమాండ్‌ని తిప్పుతూ ఉంచి, మూతని మెల్లగా దించుతూ, ఎత్తుతూ అంకె చూడండి. ఇలా:

```
watch -n 1 "iw dev wlp2s0 station dump | grep signal"
```

వేకువ
ఇది వింతగా ఉంది. మామూలుగా నేను తెరిచే కోణంలో ఆ యాంటెన్నా మైనస్ 79. మూత సగం దించితే మైనస్ 62. మళ్ళీ ఎత్తుతుంటే ఒకచోట గభాలున మైనస్ 80కి పడిపోతోంది. ఐదుసార్లు చేశా, ఐదుసార్లూ దాదాపు అదే చోట.

బెంచి_మీద
మూత కదిలితే యాంటెన్నా దిశ మారి నాలుగైదు అటూ ఇటూ అవడం మామూలే. ఒకే చోట గభాలున 18 పడటం మామూలు కాదు. వైరు కీలు దగ్గర నలిగింది. లోపలి తీగ తెగి, మూత దించినప్పుడు రెండు కొసలు తగులుతున్నాయి, ఎత్తినప్పుడు విడిపోతున్నాయి. రోజూ మూత కదులుతుంది కాబట్టి కొన్నాళ్ళకి ఆ తగలడం కూడా పోతుంది. ఆ వైరుని అతికించలేం, యాంటెన్నాతో సహా మార్చాలి.

చిన్నిడెస్క్
ఒక బుల్లి యూఎస్‌బీ వైఫై ముక్క గుచ్చుకుంటే పోయేదానికి ఇంత కష్టమెందుకు?

పెంగ్విన్_పిల్ల
బుల్లి వాటిలో యాంటెన్నా కూడా బుల్లిదే. ఇప్పుడున్న ఒక్క మంచి వైరే దానికన్నా బాగా వినొచ్చు. మైనస్ 57 ఏమీ తక్కువ కాదు.

పాత_మదర్‌బోర్డు
నేనూ అదే అంటా. మీటింగ్‌లకీ రోజువారీ పనికీ ఒక ధార చాలు. పెద్ద ఫైళ్ళు ఇంట్లోనే అటూ ఇటూ పంపుకుంటే తప్ప సగం స్పీడు మీకు తెలియదు. మూత ఫ్రేమ్ జిగురుతో అతికించి ఉంటే దాన్ని ఊడదీయడంలో స్క్రీన్ పగిలే ప్రమాదం ఉంది. నేనైతే వదిలేస్తా.

బెంచి_మీద
నేను ఒప్పుకోను. వైరు నలిగిందంటే అక్కడ సందు ఇరుకుగా ఉంది. అదే సందులోంచి స్క్రీన్ కేబుల్ కూడా వెళ్తుంది. చాలా మోడళ్ళలో రెండూ ఒకే కీలు వైపు ఉంటాయి. ఇవాళ యాంటెన్నా వైరు నలిగితే రేపు స్క్రీన్ కేబుల్ నలగదని గ్యారంటీ ఏంటి? కీలు మార్చినవాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళి ఈ అంకెలు చూపించండి, సరిచేయాల్సింది వాళ్ళు.

వేకువ
ఇద్దరి మాటా సబబుగానే ఉంది. కీలు కవర్ దగ్గర టార్చ్ వేసి చూశా. తెల్ల వైరు మీద ఒకచోట గోరుతో నొక్కినట్టు చదునుగా ఉంది, పైతొడుగు మాత్రం చిరగలేదు. దాని పక్కనే ఇంకో నల్లటి వెడల్పు కేబుల్ వెళ్తోంది, అది నలిగినట్టు లేదు.

బెంచి_మీద
ఆ వెడల్పుదే స్క్రీన్ కేబుల్. ఫోటో తీసి పెట్టండి. కీలు తిరిగేటప్పుడు అది ఎటు జరుగుతుందో చూడాలి. మూత పూర్తిగా తెరిచి ఒకటి, సగంలో ఒకటి.

వేకువ
పొద్దున వెలుతురులో తీసి పెడతా. అప్పటిదాకా మూత సగం దించే ఉంచుతున్నా, రెండు యాంటెన్నాలూ పనిచేస్తున్నాయి. రూటర్ అలమర ఎక్కేసింది.